సెంట్లోళ్ళ వంతు

పచ్చ అక్షరాలు ఒకదాని కింద ఒకటి దిగుతూ దిగుతూ ఆగిపోయాయి. ముందు తన కళ్ళే ఆగిపోయాయనుకున్నాడు జీవరత్నం. సరైన నిద్ర లేక చాన్నాళ్ళయింది, రెప్ప మూస్తే రెప్ప లోపల కూడా అవే పచ్చ గీతలు, తెరిస్తే ఏది లోపలిదో ఏది బయటిదో తెలియడం లేదు. తెర అడుగున ఒకే ఒక లైను. రన్‌టైమ్ ఎర్రర్ 200. దాని పక్కన చిరునామాలాగా నాలుగు అంకెలు, రెండు చుక్కలు, మళ్ళీ నాలుగు అంకెలు. ఆ కింద చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది, ఇంకేం చేయమంటావన్నట్టు. ప్రోగ్రాం పడిపోయింది. ఎక్కడో మధ్యలో, ఎందుకో తెలియకుండా పడిపోయింది. కిటికీ కింద నంద్యాల బజారు ఎప్పటిలాగే అరుస్తోంది, కింద ఎరువుల అంగట్లో బస్తాలు దించుతున్న చప్పుడు మెట్ల మీదుగా పైకొస్తోంది, యూరియా వాసన కూడా దాని వెంటే వస్తోంది. ఇంకో గంటకు ఆళ్లగడ్డ బస్సు. ఆ బస్సుకు ఈ ప్రోగ్రాం ఫ్లాపీలో ఎక్కి పోవాలి. రాత్రికి అక్కడి సంఘం ఆఫీసులో చీటీలు అచ్చవ్వాలి. తెల్లారితే కాలువలో నీళ్ళొదులుతారు. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపెట్టి ఉన్నాయి, ఆ ముడి కొస తన చేతిలో ఉంది, చేతులేమో కీబోర్డు మీద బండరాళ్ళలా పడి ఉన్నాయి.

మూడు నెలల కిందట శ్రీనివాసులన్న ఈ పని ఒప్పుకున్నప్పుడు ఇంత బరువనిపించలేదు. ఊరికి కంప్యూటరు తెచ్చిన మొదటి మనుషుల్లో ఆయనొకడు, హైదరాబాదులో రెండేళ్ళు నేర్చుకుని వచ్చి, మామ అంగడి మీద ఈ మేడగది తీసుకుని, గుడ్డ కప్పిన మిషనొకటి, కర్ర్ కర్ర్‌మని కొట్టే ప్రింటరొకటి పెట్టాడు. జీవరత్నం ఆయన దగ్గర పనికి చేరి ఏడాది కాలేదు. ఆళ్లగడ్డ పక్కన కాలువ రైతులు సంఘం కట్టుకున్నారు. మార్చి వచ్చేసరికి నీళ్ళు చాలవు, గట్ల మీద పారలు లేస్తాయి, పోయినేడు ఒకాయన తల పగిలింది. అందుకని వారం రోజుల నీటిని ఎవరికి ఎంతసేపో కంప్యూటరుతో పంచి, పేరు పేరునా చీటీ ఇస్తే ఇంక మనిషి మాట మీద తగాదా ఉండదని సంఘం సెక్రటరీ నరసింహులు పట్టుబట్టాడు. భూమెంతో మిషన్‌కు చెప్తే, నిమిషాలెన్నో మిషన్ చెప్తుంది. అంతే. ఇన్నాళ్ళూ కాలువ మొదట్లో ఉన్న పెద్ద రైతుల పేర్లతోనే పెట్టి చూశారు, ఒక్కసారీ పడలేదు. కాలువ చివరనున్న కడ పిల్లకాలువ పేర్లున్న ఫ్లాపీ ఈ మధ్యాహ్నమే వచ్చింది, నరసింహులే జుబ్బా జేబులో పెట్టుకుని తెచ్చాడు, తెచ్చి బల్ల మీద పడేసి, కింద అంగట్లో బస్తాల మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. కడ పిల్లకాలువంటే ఎవరో కాదు. అమ్మా నాయనా వాళ్ళు. ఆ ఫ్లాపీలో నాయన పేరుంటుందని తెలుసు, కానీ తెరవబోయే ముందు అది గుర్తు రాలేదు, అలసటొస్తే సొంత నాయన పేరు కూడా లైన్లలో ఒక లైనే.

పడినచోటు ముందు పట్టుకోవాలి. ఎర్రర్ పక్కనున్న ఆ అంకెలు కాగితం మీద రాసుకున్నాడు, ప్రోగ్రాం రాసే పాస్కల్ తెరిచాడు, మెనూలో తప్పు వెతికే చోట ఆ అంకెలే కొట్టాడు. మిషన్ కాసేపు గొణిగింది, తర్వాత తిన్నగా ఒక లైను మీదికి పోయి నిలబడింది. ఈ ఒక్క పని మాత్రం ఇది బాగా చేస్తుంది, ఎందుకు పడ్డావని అడిగితే చెప్పదు, ఎక్కడ పడ్డావంటే వేలు పెట్టి చూపిస్తుంది. భాగారం చేసే లైను. పిల్లకాలువకు వచ్చిన నిమిషాలను ఆ పిల్లకాలువ కింద ఉన్న మొత్తం ఎకరాలతో భాగించి, ఎకరాకు ఇన్ని నిమిషాలని తేల్చే లైను. రెండు వందల నంబరంటే సున్నాతో భాగించమన్నారని. సున్నా ఎక్కడినుంచి వచ్చింది. భూమి లేని కాలువ ఉంటుందా. మరీ తిక్కగా ఉంది. ఆ లైనుకు పైన ఇంకో లైను కొట్టాడు, ప్రతి పేరునూ దాని ఎకరాలనూ తెర మీద చూపించమని. మళ్ళీ నడిపాడు. పేర్లు దిగాయి. కృపావరం, 0. దేవదానం, 0. యాకోబు, 0. బాలమ్మ, భర్త జకరయ్య అని అమ్మ పేరు ముందుండాల్సింది, నాయన పేరొక్కటే రాశారు, జకరయ్య, 0. అందరూ సున్నాలే. అందరినీ కూడితే సున్నా. ఫ్లాపీలో తప్పేమోనని అసలు ఫైలు చూశాడు. అందులో సరిగానే ఉంది. జకరయ్య, 0 ఎకరాలు, 60 సెంట్లు. దేవదానం, 0, 45. రెండు గడులు, ఎకరాలకొకటి, సెంట్లకొకటి, పట్టా కాగితంలో ఎట్లా ఉంటుందో అట్లా. ప్రోగ్రాం రెండో గడి చదువుతోంది, పక్కన పెడుతోంది, కూడికలోకి తీసుకోవడం లేదు. పెద్ద రైతులకు పన్నెండెకరాల ముప్పై సెంట్లలో ముప్పై పోతే తెలియదు. కడ పిల్లకాలువలో ఎకరమున్నవాడు ఒక్కడూ లేడు. అక్కడ ఎవరూ ఎకరాల్లో మాట్లాడరు. నీకెంత అంటే అరవై, నలభై అంటారు, సెంట్లని కూడా అనరు, ఎందుకంటే వేరే ఏదీ ఉండదు కాబట్టి.

శ్రీనివాసులన్న కిటికీ దగ్గర కుర్చీలో తల వెనక్కి వాల్చి ఉన్నాడు, నిద్రపోతున్నాడో లేదో తెలియదు. సిగరెట్ మాత్రం వేళ్ళ మధ్య బూడిదగా నిలబడి ఉంది.

"అన్నా. పడిపోయిందన్నా."

"ఏది?"

"మన ప్రోగ్రామే. కడ కాలువ ఫ్లాపీ పెడ్తే రెండొందల నంబరు ఇస్తాంది."

ఆయన లేచి రాలేదు, కళ్ళు కూడా తెరవలేదు. "సున్నా యాడిదప్పా అందులో?"

"సెంట్లు కూడతాలేదన్నా. అందరూ ఎకరం లోపలోళ్ళు. టోటలే సున్నా అయితాంది. సెంట్లు ఎందుకు తీసేస్తిమి?"

అప్పుడు తెరిచాడు కళ్ళు. సిగరెట్ బూడిద చొక్కా మీద రాలింది, దులుపుకోలేదు. "నేనే తీసేసినా," అన్నాడు మెల్లగా. "మొదట్లో అన్నీ సెంట్లలోనే కూడినా. ఐదొందల ఎకరాలంటే యాభైవేల సెంట్లు. మైనస్ వచ్చింది. నిమిషాలన్నీ మైనస్. రెండు దినాలు కూర్చుంటి, తలకాయ పన్జేయలే. ఇంక సెంట్లు యాడికి పోతాయిలే అని ఎకరాలు మాత్రమే పెడ్తి. సరిపాయ."

జీవరత్నానికి అది అర్థమైంది, అర్థమవడం కూడా అలసటగానే ఉంది. మామూలు అంకెల గడిలో ముప్పై రెండువేల ఏడొందల అరవై ఏడు వరకే పడుతుంది. అంతకు మించి ఒక్కటి వేసినా గడి ఒప్పుకోనని చెప్పదు, అరవదు, పడిపోదు, చప్పుడు లేకుండా మైనస్ వైపుకు దొర్లిపోతుంది. యాభైవేలు పోస్తే మైనస్ పదిహేనువేలు చూపిస్తుంది, చూపించి ముందుకు పోతుంది. ఆ అబద్ధాన్ని తప్పించుకోవడానికి ఆయన సెంట్లను తీసేశాడు, సెంట్లతో పాటు మనుషులు పోయారు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆయన తప్పని కూడా అనలేడు, ఆయన చూసిన ఫ్లాపీల్లో సున్నా మనుషులు లేరు.

"ఒక పని చేయి," అన్నాడు శ్రీనివాసులు. "భాగించే ముందు ఇఫ్ పెట్టు. టోటలు సున్నా కంటే ఎక్కువుంటేనే భాగించు, లేకుంటే తర్వాత కాలువకు పో. ఒక్క లైను. పడదు. బస్సుకు అందుతాది."

"పడదు గానీ అన్నా, ఆ కాలువోళ్ళకు చీటీలే రావు."

"పై వారం సరి చేద్దాంలే. ఇప్పుడు టైమెంతుండాదో సూడు."

చేతులు లైను కొట్టేశాయి. చేతులు అట్లాంటివి, చెప్పింది చేస్తాయి, తల తర్వాత వస్తుంది. ఇఫ్, టోటలు, సున్నా కన్నా పెద్దది, దెన్. సేవ్ చేశాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు కాబట్టి లైను కొట్టగానే సేవ్ చేయడం ఊపిరిలాగా అలవాటు. నడిపాడు. నడిచింది. పేర్లు దిగాయి, చీటీలు తెర మీద వరసగా వచ్చాయి, ఎక్కడా ఆగలేదు, చివరికి అంతా సరిగా ముగిసిందన్నట్టు చిన్న గీత వెలుగుతూ ఆరుతూ కూర్చుంది. ఎంత బాగా నడిచిందంటే ఇంతకు ముందు పడిందని ఎవరూ అనుకోరు. కడ పిల్లకాలువ లేదు. అది లేదని చెప్పే గుర్తు కూడా లేదు. పైనున్న ఎర్రర్ లైను ఒక్కటే ఇంతసేపూ వాళ్ళున్నారని చెప్పింది, దాని నోరు ఇప్పుడు తను మూశాడు. పై వారం. పై వారానికి వరి పొట్ట విచ్చుకుని ఉంటుంది. పాలు పోసుకునేప్పుడు తడి లేకపోతే కంకులు తాలు పోతాయి, నిటారుగా నిలబడతాయి, గింజ ఉన్న కంకి వంగుతుంది, తాలు కంకి వంగదు, దూరం నుంచి చూస్తే తాలు చేనే అందంగా ఉంటుంది. ఒక ఏడు అట్లా నిలబడ్డ చేను చూసి, సెలవలకు ఊరికి పోయిన తను, బాగుందే అమ్మా చేను అన్నాడు. అమ్మ కొడవలి తీసుకుని పశువుల మేతకు కోసింది. ఆ ఏడు చర్చి మిషన్ హాస్టల్లో పెట్టే జొన్న సంగటి తనకు సరిపోయింది, ఇంట్లో ఏం తిన్నారో అడగలేదు, ఎందుకు అడగలేదో ఇప్పుడు ఆలోచిస్తే తల బరువుగా ఉంది, ఇప్పుడు ఆలోచించే టైమా ఇది. కడ నీళ్ళంటే మిగులు నీళ్ళు. పైవాళ్ళు మడవ మూసినాక, గట్టు కారింది, ఎండ్రకాయ బొక్కలో నుంచి వచ్చింది, అది. అమ్మ దానికోసం గట్టు మీద కూర్చునేది, చెప్పులు పక్కన పెట్టి, కాళ్ళు ఎండు కాలువలో వదిలి. తడి పాదాలకు తగిలితే నీళ్ళొచ్చినట్టు. కంటితో చూడక్కర్లేదు. కూర్చునే కునికేది, పాదాలు మాత్రం మేలుకుని ఉండేవి. తనకిప్పుడు వేళ్ళు మేలుకుని ఉన్నట్టు.

"అన్నా, లాంగింట్ అని ఒకటుండాది," అన్నాడు.

"ఏందీ?"

"కొత్త పాస్కల్లో పెద్ద గడి ఇచ్చినారు. రెండొందల కోట్లు పైన పడ్తాది. జెరాక్సు పుస్తకంలో చూస్తి. మనం పాతదాంట్లో నేర్చుకున్నోళ్ళం గదా, ఆ పొద్దు అది లేదు."

శ్రీనివాసులు గోడ గడియారం వైపు చూశాడు, కింద వీధి వైపు చూశాడు. వద్దని మాత్రం అనలేదు. అది చాలు. ఇఫ్ లైను చెరిపేశాడు జీవరత్నం. టోటలు ఉన్న గడిని పెద్ద గడి చేశాడు. ఎకరాలను వందతో హెచ్చించి సెంట్లు కలిపాడు. అప్పుడు ఇంకోటి అడ్డం వచ్చింది. వారంలో ఉన్న నిమిషాలు పదివేల చిల్లర, మొత్తం సెంట్లు యాభైవేలు, ముందు భాగిస్తే సెంటుకు వచ్చేది సున్నా, ఎందుకంటే పూర్ణాంకాల భాగారంలో చిల్లర రాలిపోతుంది, మళ్ళీ అందరూ సున్నాలే, ఈసారి పెద్దవాళ్ళతో సహా. కాబట్టి ముందు హెచ్చించాలి, తర్వాత భాగించాలి. నిమిషాలు ఇంటూ మనిషి సెంట్లు, దాన్ని మొత్తం సెంట్లతో భాగించు. రాశాడు. నడిపాడు. పడలేదు. కానీ నరసింహులు పేరు ఎదురుగా చీటీ మీద నిమిషాలు సున్నా అని ఉంది, ఆయన పక్కవాడికీ సున్నా, ఆ పక్కవాడికీ సున్నా. పడకపోవడమంటే సరిగా ఉండటం కాదు. పది నిమిషాల కిందటే ఆ సంగతి చూశాడు, మళ్ళీ మర్చిపోయాడు. ముఖం రుద్దుకున్నాడు. టోటలు పెద్ద గడి చేశాడు సరే, మనిషి సెంట్లున్న గడి చిన్నదే. చిన్న గడి చిన్న గడితో గుణిస్తే మిషన్ గుణకారం కూడా చిన్న గడిలోనే చేస్తుంది, ఆ తర్వాత దాన్ని పెద్ద గడితో భాగిస్తే ఏం లాభం, అప్పటికే పొంగి దొర్లిపోయింది. మనిషి గడి కూడా పెద్దది చేయాలి. చేశాడు. సేవ్. నడిపాడు. పేర్లు దిగాయి. కృపావరం, దేవదానం, యాకోబు. జకరయ్య, అరవై సెంట్లు, పన్నెండు నిమిషాలు. కాగితం మీద పెన్సిలుతో తనే గుణించి భాగించి చూసుకున్నాడు. పన్నెండు. నాయన చుట్ట ముట్టించి ఆర్పేంతసేపు. అయినా పన్నెండు నిమిషాలు రాసిచ్చినవి, ఎవరో మూసిన మడవలో నుంచి కారినవి కావు.

కిందనుంచి బస్తాల చప్పుడు ఆగింది. ఇంకొకటుంది, ఏదో ఉంది, ఏం మర్చిపోయాను. పాస్కల్ లోపల నడిపిన ప్రోగ్రాం మిషన్ జ్ఞాపకంలోనే ఉంటుంది, డిస్కు మీదికి రాయమని విడిగా చెప్పకపోతే డిస్కు మీద పాతదే ఉంటుంది. ఒకసారి అట్లా పాతదాన్ని కాపీ కొట్టి పంపి తిట్లు తిన్నాడు. ఫైలు తేదీ చూసి తెలుసుకుందామంటే ఈ మిషన్‌కు రోజులు గుర్తుండవు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎనభై జనవరి ఒకటో తేదీకి పోయి కూర్చుంటుంది. మెనూలో మెమరీ అని ఉన్నదాన్ని డిస్క్ అని మార్చి ప్రోగ్రాంను మళ్ళీ కట్టాడు. కొత్త ఫ్లాపీలోకి ఎక్కించాడు. పాస్కల్ మూసి, ఫ్లాపీ నుంచే నడిపి చూశాడు. జకరయ్య, పన్నెండు. అప్పుడు ప్రింటర్‌కు కాగితం తగిలించి, నమూనాకని అందరి నిమిషాలూ ఒక కాగితం మీద కొట్టించాడు. ఆ కర్ర్ కర్ర్‌కు నరసింహులు లేచినట్టున్నాడు, మెట్లు కిర్రుమన్నాయి, తుండుగుడ్డ భుజాన వేసుకుంటూ పైకొచ్చాడు, చెంప మీద బస్తా నార అచ్చు పడి ఉంది.

"ఏమప్పా సీనా, అయిపాయనా? నిద్దర్లో కూడా మీ మిషన్ నా తల మీదనే కొడ్తాన్నట్టుండె."

"అయిపాయ పెద్దాయనా. సూసుకో."

కాగితం కిటికీ వెలుతురుకు పట్టుకుని, తన పేరు దగ్గర వేలు పెట్టాడు నరసింహులు. కాలువ మొదట్లో పద్దెనిమిదెకరాలు ఆయనవి. వేలు అక్కడే ఉండిపోయింది. "పోయిన తూరి చూపించిన దాంట్లో ఆరుగంటలు దాటి పద్దెనిమిది నిమిషాలు. ఇప్పుడు ఆరుగంటలు రెండు నిమిషాలు. పావుగంట యాడికి పాయ?"

జీవరత్నమే చెప్పాడు. "సెంట్లు కలిసినాయి పెద్దాయనా. అప్పుడు ఎకరాలే కూడినాం. కడ కాలువోళ్ళు లెక్కలోకొచ్చినారు."

"కడోళ్ళా?" నరసింహులు నవ్వాడు, చెడ్డ నవ్వు కాదు, తెలియని పిల్లవాడిని చూసి నవ్వినట్టు. "కడోళ్ళకు వంతు ఎప్పుడుండాదిరా? మా తాత కాలం నుంచి లేదే. మిగిల్తే పారతాది వాళ్ళకు. వద్దన్న్యామా ఎప్పుడన్నా?"

"మరి పేర్లు మీరే పంపిస్తిరి గదా."

"కాగితంలో ఉన్న పేర్లన్నీ రాసినాడు మా సంఘం గుమాస్తా. పేరుండటం వేరు, వంతుండటం వేరు. నువ్వు జకరయ్య కొడుకువేనా? అట్లానే అనుకుంటి, ముక్కు అట్లానే ఉండాది." కాగితం మడిచాడు. "సీనప్పా, మొన్న చూపించిందే ఇయ్యి. దాంట్లో అందరం ఒప్పుకున్నాం. ఇప్పుడు పావుగంట కోసినానని పోతే నన్ను గట్టు మీదనే పూడుస్తారు."

బయట ఏదో బస్సు హారన్ కొట్టింది, ఆళ్లగడ్డది కాదు, ఆళ్లగడ్డ బస్సు హారన్ బొంగురుగా ఉంటుంది, జీవరత్నానికి అది నిద్రలోనైనా తెలుసు. శనివారాలు ఆ హారన్‌కు పరిగెత్తేవాడు. ఆళ్లగడ్డలో దిగితే రోడ్డు పక్కన రాళ్ళు చెక్కేవాళ్ళ సుత్తులు, టక్ టక్‌మని, ఒకాయన ఏనుగు తొండం చెక్కుతుంటే, ఎందుకో ముందు తొండం చుట్టూ ఉన్న రాయి తీసేస్తాడు, తొండం మాత్రం తాకడు. అవన్నీ ఇప్పుడెందుకు. ఇప్పుడు ఆ ఇఫ్ లైను ఉంది. చెరిపేసినా తెలుసు. ఒక్క లైను కొడితే పాతది పడకుండా నడుస్తుంది, అందరూ ఒప్పుకున్నది, పావుగంట పోనిది, కడ పిల్లకాలువ లేనిది. శ్రీనివాసులన్నే చెప్పాడు ఆ లైను. ఆయనిప్పుడు నోరు తెరిస్తే చాలు. బస్సుకు ఇంకా కాసేపుంది, ఒక్క లైనుకు ఆ కాసేపు ఎక్కువే. నరసింహులు సంఘం పని ఇంకా రెండూళ్ళలో ఇప్పిస్తానన్నాడు, అవుకు చెరువు కింద కూడా మాట్లాడుతున్నాడు, ఆయన చెయ్యి విదిలిస్తే ఈ మేడగదికి అద్దె ఎక్కడిది. జీవరత్నం ఆయన ముఖం చూడలేదు. చూడకుండా కీబోర్డు చూశాడు, ఐ, ఎఫ్, రెండూ కుడీ ఎడమా చేతుల కింద ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాడు.

శ్రీనివాసులు లేచి వచ్చి చొక్కా మీది బూడిద ఇప్పుడు దులుపుకున్నాడు. జీవరత్నం కుర్చీ వెనక నిలబడ్డాడు.

"పెద్దాయనా, మొన్నటిది ఇస్తా. దానికేం. గానీ అది పడిపోతాది."

"పడిపోవడమేందీ?"

"జీవా, పాత ఫ్లాపీ పెట్టి చూపియ్యి పెద్దాయనకు. కడ కాలువ పేర్లతోనే."

జీవరత్నం మొన్నటి ప్రోగ్రామున్న పాత ఫ్లాపీ పెట్టాడు. పేర్లు దిగాయి, మొదటి కాలువ, రెండోది, మూడోది, నరసింహులు ముందుకు వంగి తన పేరు కోసం చూస్తున్నాడు, పేరు వచ్చింది, పోయింది, కడ పిల్లకాలువ దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు ఆగిపోయాయి. రన్‌టైమ్ ఎర్రర్ 200. చిన్న గీత వెలుగుతూ ఆరుతూ. ప్రింటర్ కూడా కదల్లేదు.

"అదేందప్పా, సచ్చిపాయ?"

"వాళ్ళను సున్నా చేస్తే మిషన్ ముందుకు పోదు పెద్దాయనా. సున్నాతో భాగించలేదు అది. ఎవురి మిషన్ అయినా అంతే. ఈ రాత్రికి మీ ఆఫీసులో అందరి ముందర ఇట్లా నిలబడిపోతే నేనేం చేయలేను, చెప్తాండా."

నరసింహులు తెర వైపు చూశాడు. గట్టు మీద తిరగబడే మనుషుల సంగతి ఆయనకు తెలుసు, తిరగబడే మిషన్‌ను ఇప్పుడే చూస్తున్నాడు. నాలుగూళ్ళలో దండోరా వేయించాడు, కంప్యూటరు చీటీలు రేప్పొద్దున అని. "ఆ పేర్లు తీసేస్తే?" అన్నాడు.

"పట్టా కాగితంలో ఉన్న పేర్లు మీరు తీసేయమంటే తీసేస్తా. చేత్తో రాసి సంతకం పెట్టిస్తే." శ్రీనివాసులు గొంతు చాలా మామూలుగా ఉంది, నిద్ర చాలని గొంతు.

సంతకమనేసరికి నరసింహులు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు జీవరత్నం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. రాత్రింబగళ్ళు దీని ముందరే కూర్చుంటివి. వేరే దోవ ఏం లేదా?"

దోవ. పాదాలు ఎండు కాలువలో వదిలి కునికే అమ్మ. నిటారుగా నిలబడ్డ చేను. వేళ్ళ కింద రెండక్షరాలు. ఆయన అడిగింది తనను, జకరయ్య కొడుకును, శ్రీనివాసులన్నను కాదు. వెనక కుర్చీ పట్టుకున్న చెయ్యి కదల్లేదు, నువ్వే చెప్పు అన్నట్టు, లేకపోతే ఏమీ అననట్టు. అబద్ధం చెప్పాలంటే కూడా ఒంట్లో కొంచెం సత్తువ ఉండాలి. నిజం చెప్పాలన్నా అంతే.

"వాళ్ళుంటేనే సరిగా నడుస్తాది పెద్దాయనా," అన్నాడు. "అందరూ కలిసి, కడ కాలువంతా కలిపి, నీ ఒక్కనికి వచ్చినంతే వాళ్ళకు వచ్చేది. ఆరుగంటలు."

"అంతమందికీ కలిపి నాదంతేనా?" నరసింహులు కాగితం మళ్ళీ విప్పి చూశాడు, పేర్ల మీద వేలు జరుపుకుంటూ పోయాడు, మధ్యలో ఆపి, మళ్ళీ జరిపాడు. "ఈ ముక్కంత ముక్కంత భూములు పెట్టుకుని ఎట్లా బతుకుతాండారప్పా మీరు." అది అడిగినట్టు లేదు. బొంగురు హారన్ వినపడింది. "సరే ఇయ్యి. మిషనే అట్లా చేసిందని చెప్తా. నేను చేసినానంటే కదా తంతారు."

ఫ్లాపీని కాగితపు సంచిలో పెట్టి, రెండట్టల మధ్య పెట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు జీవరత్నం. జేబులో వద్దు, చెమట తగలనీయొద్దు, వంచొద్దు అని చెప్పాడు. "నీళ్ళకంటే దీన్ని కాపలా కాయడమే ఎక్కువుండాదే," అంటూ ఆయన దాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుని మెట్లు దిగాడు. కిటికీలో నుంచి చూస్తే ఆయన తలపాగా, దాని మీద అట్ట, జనంలో ఊగుతూ బస్టాండు వైపు పోవడం కనిపించింది. బస్సు కదిలింది, బజారు మళ్ళీ మూసుకుంది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఆకలేస్తోందో, నిద్ర వస్తోందో, రెండూ కలిసి ఇంకేదో అవుతోందో తెలియడం లేదు జీవరత్నానికి. తెర మీద రెండు వందల నంబరు అట్లానే ఉంది, ఎవరూ చెరపలేదు.

"అన్నా," అన్నాడు. "ఇఫ్ లైను సంగతి పెద్దాయనకు తెలిస్తే?"

శ్రీనివాసులు ఇంకో సిగరెట్ తీసి, ముట్టించకుండా చేతిలో తిప్పుతూ మెట్ల వైపు నడిచాడు.

"ఏ లైను?" అన్నాడు. "పో, పోయి పడుకో."